ఎంత దూరమైతే దగ్గర?

విజయవాడ, గుంటూరు, తెనాలి, ఏలూరు, రాజమండ్రి, కాకినాడ, విశాఖపట్నం, విజయనగరం, అనంతపురం. ఆంధ్రప్రదేశ్ మ్యాపు మీద ఈ తొమ్మిది ఊళ్లకూ చుక్కలు పెట్టి, దగ్గర దగ్గరగా ఉన్నవాటి చుట్టూ గీత గీయమంటే హైస్కూలు పిల్లలు కూడా తడుముకోరు. విజయవాడ చుట్టుపక్కల నాలుగు ఊళ్లు ఒక గుంపు. రాజమండ్రి, కాకినాడ ఒక జంట. విశాఖ, విజయనగరం ఇంకో జంట. అనంతపురం దేనితోనూ కలవకుండా ఎక్కడో దూరంగా ఉంటుంది.

ఇదే పని కంప్యూటరుకు అప్పజెప్పి, కె-మీన్స్ పద్ధతిలో మూడు గుంపులు చేయమంటే వచ్చే జవాబు చూసి గోదావరి జిల్లాలవాళ్లు నివ్వెరపోతారు. రాజమండ్రి గుంటూరు గుంపులోకి పోతుంది. కాకినాడ విజయనగరం గుంపులోకి పోతుంది. ఆకాశమార్గాన చూస్తే రాజమండ్రికీ కాకినాడకీ మధ్య 47 కిలోమీటర్లే. రాజమండ్రి నుంచి గుంటూరు 165, కాకినాడ నుంచి విజయనగరం 174. లెక్కలో తప్పేమీ లేదు. అడిగిన ప్రశ్నకు కంప్యూటరు నిక్కచ్చిగా జవాబిచ్చింది. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కె-మీన్స్ చేసే పని ఇది. ఎన్ని గుంపులు కావాలో ముందే చెప్పాలి. ఆ సంఖ్యే కె. ప్రతి గుంపుకూ ఒక కేంద్రం ఉంటుంది. ప్రతి చుక్కా తనకు దగ్గరున్న కేంద్రం గుంపులో చేరుతుంది, చేరికలయ్యాక కేంద్రం తన గుంపు సగటు స్థానానికి జరుగుతుంది. కేంద్రాలు ఇక కదలని దాకా ఇలా సాగుతుంది. కేంద్రానికీ దాని ఊళ్లకూ మధ్య దూరాలను వర్గం చేసి కూడితే వచ్చే మొత్తం వీలైనంత తగ్గాలన్నదే దాని లక్ష్యం. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ లాయిడ్ 1957లో ఈ పద్ధతి రాసుకున్నది టెలిఫోన్ సంకేతాలను అంకెల్లోకి మార్చడం కోసం. ఆ పనిలో ఎన్ని మెట్లు వాడాలో ఇంజనీరుకు ముందే తెలుసు కాబట్టి కె ఎంత అన్న సందేహమే రాదు. ఊళ్ల సంగతి వేరు. ఎన్ని గుంపులున్నాయో తెలియకనే కదా అడుగుతున్నాం.

మన తొమ్మిది ఊళ్లలో చిక్కు తెచ్చింది అనంతపురం. దానికి అన్నిటికంటే దగ్గరున్న గుంటూరే 354 కిలోమీటర్ల దూరం. దూరాన్ని వర్గం చేస్తారు కాబట్టి అనంతపురాన్ని విజయవాడ గుంపులో కలిపితే మొత్తం ఒక్కసారిగా 1,18,000 దాకా పెరుగుతుంది. ఆ భారం మోయలేక కె-మీన్స్ అనంతపురానికి ఒక కేంద్రాన్ని పూర్తిగా రాసిచ్చేస్తుంది. ఇక మిగిలిన ఎనిమిది ఊళ్లకూ రెండే కేంద్రాలు. పడమటిది విజయవాడ, ఏలూరు మధ్య ఎక్కడో ఆగుతుంది. తూర్పుది అనకాపల్లి, ఎలమంచిలి ప్రాంతంలో తేలుతుంది. రాజమండ్రికి పడమటి కేంద్రం 106 కిలోమీటర్లు, తూర్పుది 139. కాకినాడకు అవే దూరాలు 149, 101. ఎవరికి దగ్గరైనవారి పక్షాన వారు చేరారు, పక్కపక్క ఊళ్లు విడిపోయాయి.

ఇంతటితో అయిపోలేదు. కేంద్రాలను మొదట ఎక్కడ నిలబెట్టామన్నదాన్ని బట్టి ఇదే లెక్క వేరేచోట కూడా ఆగిపోవచ్చు. రాజమండ్రి, కాకినాడ రెండూ కలిసి విశాఖ గుంపులోకి వెళ్లే జవాబు ఒకటుంది. రెండూ విజయవాడ గుంపులోకి వెళ్లే జవాబు ఇంకొకటి. ఊళ్లను విడదీసిన జవాబుకు మొత్తం సుమారు 34,800 అయితే, రెంటినీ విశాఖతో కలిపిన జవాబుకు 35,200. తేడా ఒక్క శాతం. కె-మీన్స్‌ను వేర్వేరు చోట్ల మొదలుపెట్టి పదిసార్లు నడిపి, జవాబులు నిలకడగా ఉన్నాయా లేదా చూడాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. గుంపులు మారిపోతూ మొత్తాలు మాత్రం దగ్గర దగ్గరగా ఉంటే, ఆ కె ఈ చుక్కలకు నప్పలేదని అర్థం.

కె ను 4 చేస్తే మొత్తం 6,700కు పడిపోతుంది, మన కంటికి కనిపించిన గుంపులే వస్తాయి. కాబట్టి కె-మీన్స్‌ను తీసిపారేయనక్కర్లేదు. దూరంగా పడిన ఒక్క చుక్కకు కూడా ఒక గుంపు లెక్కగట్టాలని ముందే తెలిసినవారికి అది బాగానే పనిచేస్తుంది. అలాంటివి ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడే కష్టం.

గుంపుల సంఖ్య ముందే అడగని పద్ధతి హైరార్కికల్ క్లస్టరింగ్. మొదట ప్రతి ఊరూ తనకు తానే ఒక గుంపు. అన్నిటికంటే దగ్గరున్న రెంటిని కలపాలి. మళ్లీ చూసి, దగ్గరున్న రెంటిని కలపాలి. అంతా ఒక్కటయ్యేదాకా ఇదే పని. రెండు గుంపుల మధ్య దూరమంటే వాటిలో ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్న ఊళ్ల మధ్య దూరమే అనుకుంటే దాన్ని సింగిల్ లింకేజ్ అంటారు. బ్యాక్టీరియాను కంప్యూటరుతో వర్గీకరించడానికి బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ స్నీత్ 1957లో వాడింది ఈ దారే.

మన ఊళ్ల మీద దాన్ని నడిపి చూద్దాం. ముందు గుంటూరు, తెనాలి 23 కిలోమీటర్ల దగ్గర కలుస్తాయి. 29 దగ్గర విజయవాడ తెనాలి మీదుగా వాటితో చేరుతుంది. 47 దగ్గర రాజమండ్రి, కాకినాడ. 50 దగ్గర విశాఖ, విజయనగరం. 53 దగ్గర ఏలూరు విజయవాడ గుంపులోకి వస్తుంది. తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. 82 దగ్గర ఏలూరు, రాజమండ్రి వంతెనలా నిలిచి రెండు గుంపులనూ కలుపుతాయి. 129 దగ్గర కాకినాడ మీదుగా విశాఖ జంట వచ్చి చేరుతుంది. కోస్తా అంతా ఒక్కటయ్యాక 354 దగ్గర అనంతపురం.

ఈ కథనంతా ఒకే బొమ్మలో చూపేది డెండ్రోగ్రామ్. తలకిందులైన వంశవృక్షంలా ఉంటుంది. అడుగున ఊళ్ల పేర్లు, పైకి పోయేకొద్దీ కలయికలు. ఏ రెండు కొమ్మలు ఏ ఎత్తున కలిశాయో ఎడమపక్కనున్న కొలబద్ద చెబుతుంది. ఆ ఎత్తే దూరం. బొమ్మలో చదవాల్సింది ముఖ్యంగా ఆ ఎత్తునే. కానీ కొత్తగా చూసేవారి కన్ను అడుగున పేర్లు ఏ వరసలో ఉన్నాయన్నదాని మీద పడుతుంది. అనంతపురం పేరు విజయనగరం పక్కన పడితే ఆ రెండూ దగ్గరివనుకుంటారు. నిజానికి ప్రతి కలయిక దగ్గరా రెండు కొమ్మలనూ అటుదిటు తిప్పి గీయవచ్చు. తొమ్మిది ఊళ్లకు ఎనిమిది కలయికలు కాబట్టి ఒకే చెట్టును 256 వరసల్లో గీయవచ్చు, అన్నీ సరైనవే. రెండు ఊళ్లు ఎంత దగ్గరో తెలియాలంటే ఒకదాని నుంచి కొమ్మ పట్టుకుని పైకెక్కి, రెండోదాని కొమ్మ ఎక్కడ కలుస్తుందో చూడాలి. పక్కపక్కన ఉండడంతో పనిలేదు. అదీగాక ఆ ఎత్తు గుంపులు కలిసిన దూరమే గానీ ఆ రెండు ఊళ్ల మధ్య అసలు దూరం కాదు. ఈ చెట్టులో గుంటూరు, కాకినాడ 82 దగ్గర కలిసినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య నిజంగా ఉన్నది 207 కిలోమీటర్లు.

ఇక గుంపులు కావాలంటే చెట్టుకు అడ్డంగా ఒక గీత గీయాలి. గీత ఎన్ని కొమ్మలను కోస్తే అన్ని గుంపులు. 60 దగ్గర కోస్తే మూడు గుంపులూ, ఒంటరి అనంతపురమూ. 100 దగ్గర కోస్తే విజయవాడ నుంచి కాకినాడ దాకా ఒకటి, విశాఖ జంట ఒకటి, అనంతపురం. ఎక్కడ పొడుగాటి ఖాళీ ఉంటే అక్కడ కోయమని పుస్తకాలు చెబుతాయి. ఈ చెట్టులో అతి పెద్ద ఖాళీ 129కీ 354కీ మధ్య ఉంది. అక్కడ కోస్తే కోస్తా ఒక పక్క, అనంతపురం ఒక పక్క. జవాబు నిజమే గానీ అందులో కొత్తగా తెలిసిందేమీ లేదు. దూరంగా ఉన్న ఒక్క చుక్క పెద్ద ఖాళీని ఎప్పుడూ తనే లాక్కుంటుంది. అందుకే ఆ ఖాళీని పక్కనపెట్టి, దాని కిందివి చూడాలి. 53కీ 82కీ మధ్య ఒకటి, 82కీ 129కీ మధ్య మరొకటి. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది గుంపులు ఎందుకు కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. మందుల షాపులకు పొద్దున బయల్దేరిన వ్యాను సాయంత్రానికి తిరిగి రావాలంటే 60 దగ్గర కోత. నెలకోసారి తిరిగే సేల్స్ మేనేజర్లకు ఏరియాలు పంచాలంటే 100 దగ్గర కోసినా ఇబ్బంది లేదు.

లింకేజ్ మారిస్తే చెట్టే మారుతుంది. రెండు గుంపుల మధ్య దూరమంటే వాటిలో అతి దూరపు ఊళ్ల మధ్య దూరం అనుకుంటే కంప్లీట్ లింకేజ్. అందులో రాజమండ్రి–కాకినాడ జంట ముందు ఎవరితో కలవాలన్న ప్రశ్న వస్తుంది. విజయవాడ వైపు అతి దూరపు జత గుంటూరు, కాకినాడ: 207. విశాఖ వైపు రాజమండ్రి, విజయనగరం: 209. రెండు కిలోమీటర్ల తేడాతో జంట పడమటికి పోతుంది. ఊరి చుక్కను బస్టాండు దగ్గర కాకుండా రైల్వే స్టేషన్ దగ్గర పెట్టినా ఇలాంటి తీర్పు తారుమారు కావచ్చు. చెట్టులో రెండు కలయికలు దాదాపు ఒకే ఎత్తున పోటీపడితే, అక్కడ వచ్చిన తీర్పును గట్టిగా నమ్మకూడదు. ఇలాంటి చోట యావరేజ్ లింకేజ్ కూడా వేసి చూడడం మంచిది. అన్ని జతల సగటు తీసుకుంటే విజయవాడ వైపు 154, విశాఖ వైపు 170. అప్పుడు తీర్పు కాస్త గట్టిపడుతుంది.

సింగిల్ లింకేజ్‌కున్న బలహీనత కూడా మన చెట్టులోనే ఉంది. ఏలూరు, రాజమండ్రి అన్న రెండు ఊళ్ల పుణ్యమా అని గుంటూరు, కాకినాడ ఒక గుంపయ్యాయి. మధ్యలో చుక్కలు వరసగా ఉంటే చాలు, అది గొలుసులా అల్లుకుంటూ పోతుంది. ఈ గొలుసుకు కళ్లెం వేస్తూ మ్యూనిక్‌లో మార్టిన్ ఎస్టర్, హాన్స్-పీటర్ క్రీగెల్, యోర్గ్ శాండర్, షియావీ షూ 1996లో ప్రకటించిన పద్ధతి డీబీస్కాన్.

దీనికి గుంపుల సంఖ్య చెప్పనక్కర్లేదు, రెండు విషయాలు చెబితే చాలు. ఒకటి, ఎంత దూరంలోపు ఉంటే ఇరుగుపొరుగు అనాలి. రెండు, ఒక చుక్క చుట్టూ తనతో కలిపి ఎంతమంది ఉంటే అది సందడి ఉన్న చోటు అనిపించుకుంటుంది. మొదటిది eps, రెండోది min_samples. సందడి ఉన్న చుక్క కోర్. కోర్ చుక్కలు ఒకదానికొకటి అందుబాటులో ఉంటే ఒక గుంపు. తాను కోర్ కాకపోయినా కోర్ పొరుగున ఉన్నది అంచు చుక్క. ఏదీ కానిది నాయిస్, అంటే ఏ గుంపుకూ చెందనిది. స్క్రీన్ మీద దానికి -1 అని వస్తుంది. అనంతపురానికి ఒక గుంపు బలవంతంగా కేటాయించే అవసరమే ఇక్కడ లేదు.

eps 55 కిలోమీటర్లు, min_samples 3 అనుకుందాం. విజయవాడకు తనతో కలిపి నాలుగు ఊళ్లు అందుతాయి, కోర్. గుంటూరు, తెనాలి కూడా కోర్. ఏలూరుకు విజయవాడ ఒక్కటే అందుతుంది, కాబట్టి అంచు. రాజమండ్రికి కాకినాడ తప్ప ఎవరూ లేరు, ఇద్దరు సరిపోరు. విశాఖ జంటదీ అదే గతి. ఫలితం: ఒకటే గుంపు, మిగిలిన ఐదు ఊళ్లూ నాయిస్. విశాఖపట్నమంత నగరం నాయిస్ ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఊరి పెద్దరికం ఇక్కడ లెక్కలోకి రాదు, చుట్టూ ఎన్ని చుక్కలున్నాయన్నదే లెక్క. min_samples ను 2 చేస్తే మూడు గుంపులూ తిరిగొస్తాయి, అనంతపురం ఒక్కటే -1.

ఆ చివరి జవాబు సింగిల్ లింకేజ్ చెట్టును 55 దగ్గర కోస్తే వచ్చేదే. అది యాదృచ్ఛికం కాదు. min_samples 2 అయితే డీబీస్కాన్ ఎప్పుడూ సింగిల్ లింకేజ్ కోతే, ఒంటరి చుక్కలకు నాయిస్ అన్న పేరు పెట్టడమొక్కటే తేడా. min_samples పెంచేకొద్దీ పలచటి గొలుసులు తెగిపోతాయి. eps అంటే చెట్టు మీద గీసే గీత ఎత్తే. తేడా ఏమిటంటే చెట్టు అన్ని ఎత్తులనూ ముందు చూపించి గీత గీయమంటుంది, డీబీస్కాన్ ముందే గీత ఎత్తు చెప్పమంటుంది.

మరి ఆ ఎత్తు ఎలా తేల్చాలి? 1996 నాటి వ్యాసంలోనే ఒక ఉపాయం ఉంది. ప్రతి చుక్కకూ దాని నాలుగో పొరుగు ఎంత దూరమో కొలిచి, ఆ దూరాలను వరసగా పేర్చి గ్రాఫు గీసి, గీత ఎక్కడ మోచేయిలా వంగుతుందో చూడమన్నారు. మన ఊళ్లు తక్కువ కాబట్టి మొదటి పొరుగు చాలు: 23, 23, 29, 47, 47, 50, 50, 53, ఆ తర్వాత 354. వంపు 53 దగ్గర స్పష్టంగా ఉంది, eps 55 అనుకోవచ్చు. అయితే ఈ గ్రాఫు చెప్పేది ఒంటరి చుక్కలు ఎక్కడ మొదలవుతాయన్నదే. 82, 129 అన్న అంకెలు ఇందులో ఎక్కడా కనబడవు, ఎందుకంటే అవి ఊరికీ పొరుగుకూ మధ్య దూరాలు కావు, గుంపుకూ గుంపుకూ మధ్య దూరాలు. 53కీ 354కీ మధ్య ఖాళీయే కదా అని eps 150 పెట్టినవారికి కోస్తా అంతా ఒకే ముద్దగా వస్తుంది. మోచేయి మొదలైన చోటే ఆగాలి. చుక్కలు కొన్ని వేల లోపు ఉంటే చెట్టు కూడా గీసి చూసుకోవడం మేలు. లక్షల్లో ఉంటే ప్రతి జతకూ దూరం దాచుకోవడం కంప్యూటరు మెమరీకి మించిన పని.

కొలమానంలో జరిగే పొరపాట్లు ఇంతకంటే ఎక్కువ. పైథాన్‌లో ఎక్కువమంది వాడే సైకిట్-లెర్న్ లైబ్రరీలో ఏమీ చెప్పకపోతే eps 0.5, min_samples 5. అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల్లోనే ఇచ్చి అలా నడిపితే తొమ్మిది ఊళ్లకూ -1 వస్తుంది. అర డిగ్రీ సుమారు 55 కిలోమీటర్లు కాబట్టి దూరం కాకతాళీయంగా సరిపోయింది, ఐదుగురు పొరుగులే ఏ ఊరికీ దొరకలేదు. కిలోమీటర్లలో కొలవాలంటే భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తెచ్చే హేవర్సైన్ దూరం వాడాలి. దానికి డిగ్రీలు పనికిరావు, రేడియన్లు కావాలి. eps ను కూడా భూమి వ్యాసార్ధంతో భాగించాలి:

```python
DBSCAN(eps=55/6371, min_samples=2,
       metric="haversine").fit_predict(np.radians(towns))
```

`np.radians` మరిచిపోయినా అన్నీ -1లే. జవాబు నిండా -1లు వస్తే ముందు అనుమానించాల్సింది యూనిట్లను. అన్నిటికీ 0 వస్తే, అంటే అంతా ఒకే గుంపైతే, eps ఎక్కువైందని.

ఏ దూరం అన్నది కూడా తేల్చుకోవాలి. ఇప్పటిదాకా చెప్పినవి ఆకాశమార్గపు కిలోమీటర్లు. మందుల వ్యాను ఎగిరిపోదు. విజయవాడ నుంచి ఏలూరు రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్లు. రోడ్డు దూరాల పట్టిక ఇచ్చి eps 55 అలాగే ఉంచితే ఏలూరు గుంపులోంచి జారిపోతుంది. చుక్కలకు జనాభా కూడా జోడిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. దూరాలు వందల్లో, జనాభా లక్షల్లో. రెంటినీ అలాగే కలిపి కొలిస్తే మ్యాపు మాయమై జనాభా ఒక్కటే మిగులుతుంది. అందుకే ప్రతి కొలతనూ దాని సొంత చెదురుతో భాగించి ఒకే స్థాయికి తెస్తారు. కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే అదీ చాలదు. దానికి 1936లో కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ D² అనే దూరాన్ని ఇచ్చాడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి ఆయన దగ్గర చేరిన సి.ఆర్.రావు 1952 నాటి తన పుస్తకంలో, ఆ దూరంతో గుంపులు కట్టే టోకర్ పద్ధతిని వివరించాడు. మన దేశంలో వరి వంగడాలను పోల్చే పరిశోధనల్లో D², టోకర్ అన్న మాటలు ఈనాటికీ కనిపిస్తాయి.

డీబీస్కాన్‌కు పరిష్కారం దొరకని చోటు ఒకటుంది. మన తొమ్మిది ఊళ్లకు కర్నూలు, కడప జోడిస్తే అది బయటపడుతుంది. అనంతపురం నుంచి కడప 134 కిలోమీటర్లు, కర్నూలు 136. రాయలసీమలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, అక్కడ ఆ మూడూ ఒక గుంపే. eps 55 పెడితే మూడూ నాయిస్. వాటిని కలపాలని 140 పెడితే, 129 దగ్గరే కోస్తా మొత్తం ఒకటైపోతుంది. డెల్టాకూ సీమకూ ఒకే eps సరిపోదు, మధ్యలో ఏ అంకె వెతికినా దొరకదు. చెట్టు మీద చూస్తే కారణం వెంటనే తెలుస్తుంది: సీమ కొమ్మ పుట్టేది 136 దగ్గర, కోస్తాతో కలిసేది 262 దగ్గర. అడ్డంగా గీసిన ఒకే తిన్నని గీత విజయవాడ గుంపునూ సీమ గుంపునూ ఒకేసారి కోయలేదు.

2013లో కాంపెల్లో, మౌలవి, శాండర్ తెచ్చిన హెచ్‌డీబీస్కాన్ తిన్నని గీతను వదిలేసింది. శాండర్ 1996 బృందంలోని వాడే. ఇది సందడిని బట్టి దూరాలను సవరించి చెట్టు కడుతుంది. ఆ తర్వాత ఏ కొమ్మ ఎంత మేర చెదరకుండా నిలిచిందో చూసి, ఒక్కో కొమ్మను ఒక్కో ఎత్తున కోస్తుంది. డెల్టా కొమ్మను కిందా, సీమ కొమ్మను పైనా కోసే వీలు దీనివల్ల వచ్చింది. 2023 నుంచి సైకిట్-లెర్న్‌లోనే దొరుకుతోంది. eps చెప్పనక్కర్లేదు గానీ, గుంపు అనిపించుకోవడానికి కనీసం ఎంతమంది ఉండాలో చెప్పాలి. సైకిట్-లెర్న్‌లో మనమేమీ చెప్పకపోతే అది 5. దాన్ని తగ్గించకపోతే రాజమండ్రి, కాకినాడ ఎంత దగ్గరున్నా గుంపు కాలేవు.